ఫ్యాటీ లివర్‌కి సిలిమారిన్ 140: లివర్ కణం దాకా చేరేది ఎంత, పరీక్షల్లో తేలింది ఏమిటి

ప్రశ్న: "నాకు 47 ఏళ్లు. ఎత్తు 168 సెం.మీ., బరువు 84 కిలోలు. మందు అలవాటు లేదు. హెల్త్ చెకప్‌లో గ్రేడ్ 2 ఫ్యాటీ లివర్ అని వచ్చింది. ఎస్‌జీపీటీ 82, ఎస్‌జీఓటీ 54, ప్లేట్‌లెట్లు 1.9 లక్షలు. సిలిమారిన్ 140 రోజుకి రెండుసార్లు వేసుకోమన్నారు. ఇది లివర్ కణాలకి రక్షణ కవచంలా పనిచేస్తుందని నెట్‌లో చదివాను. కొందరేమో దండగ అంటున్నారు. నిజమేంటి? ఎన్నాళ్లు వాడాలి?"

ముందు సూటిగా చెప్పేస్తాను. సిలిమారిన్ లివర్ కణాన్ని కాపాడగలదన్న మాట కల్పన కాదు. ప్రయోగశాలలో అది స్పష్టంగా కనిపిస్తుంది. ఒక రకం విషపు పుట్టగొడుగు తిన్నవాళ్లకి నరంలోంచి ఎక్కించే మందుగా ఐరోపాలో ఎన్నో ఏళ్లుగా వాడుతున్నారు కూడా. కానీ మీరు మింగే 140 బిళ్ళ ఫ్యాటీ లివర్‌ని నయం చేస్తుందనీ, లివర్ గట్టిపడకుండా ఆపుతుందనీ నమ్మకంగా చెప్పగల ఆధారం ఇప్పటికి లేదు. హాని చాలా తక్కువ, లాభం రుజువు కాలేదు. అందుకే "ఎన్నాళ్లు వాడాలి" అన్నదానికి పరీక్షల్లో తేలిన గడువంటూ ఏదీ లేదు. మీ రిపోర్టులో ఈ బిళ్ళ కంటే ముందు చూడాల్సిన సంగతి ఇంకొకటి ఉంది, దాని దగ్గరికి చివర్లో వస్తాను.

అసలు ఇందులో ఏముంది

మిల్క్ థిసిల్ అనేది మధ్యధరా ప్రాంతపు ముళ్ల మొక్క. శాస్త్రీయ నామం సిలిబమ్ మరియానమ్. దాని గింజల నుంచి తీసిన సారమే సిలిమారిన్. ఇది ఒకే రసాయనం కాదు, ఒకదానికొకటి దగ్గరి పోలికలున్న కొన్ని పదార్థాల మిశ్రమం. వాటిలో సుమారు సగం, ఒక్కోసారి అంతకంటే కొంచెం ఎక్కువ, సిలిబిన్. దీన్నే సిలిబినిన్ అని కూడా అంటారు. మిగతాది ఐసోసిలిబిన్, సిలిక్రిస్టిన్, సిలిడయానిన్ వంటివి. పరిశోధనలు ఎక్కువగా సిలిబిన్ చుట్టూనే తిరిగాయి.

కణాన్ని ఎలా కాపాడుతుందంటారు

చెప్పే దారులు చాలా ఉన్నాయి గానీ, ఆధారం గట్టిగా ఉన్నది మొదటిదానికే. అందుకని దానిమీదే ఎక్కువసేపు ఉంటాను.

డెత్ క్యాప్ అనే పుట్టగొడుగులో ఆల్ఫా అమానిటిన్ అనే విషం ఉంటుంది. తిన్న తర్వాత సాధారణంగా 6 నుంచి 24 గంటల దాకా ఏమీ తెలియదు. ఆ తర్వాత వాంతులు, నీళ్ల విరేచనాలు. అవి కాస్త తగ్గి, మనిషి తేరుకున్నట్టు కనిపిస్తాడు. సరిగ్గా ఆ సమయంలోనే లోపల లివర్ కణాలు చచ్చిపోతుంటాయి. ఈ విషం కణంలోకి దానంతటదే దూరలేదు. లివర్ కణం పొర మీద పిత్త లవణాల వంటివాటిని లోపలికి తీసుకునే రవాణా ప్రోటీన్లు ఉంటాయి. అందులో ముఖ్యమైనది ఓఏటీపీ1బీ3. అమానిటిన్ ఆ ప్రోటీన్ ద్వారానే లోపలికి వెళ్తుంది. వెళ్లాక ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్ 2 అనే ఎంజైమును పట్టేస్తుంది. దాంతో కణం కొత్త ప్రోటీన్లు తయారుచేసుకోలేక చచ్చిపోతుంది. కణంలోంచి పిత్తంతోపాటు పేగులోకి వచ్చిన విషం మళ్లీ రక్తంలోకి ఎక్కి, మళ్లీ లివర్‌కి చేరుతుంది. ఈ చక్రం కొన్నిసార్లు తిరుగుతుంది.

సిలిబిన్ ఆ రవాణా ప్రోటీన్‌కి అడ్డుపడుతుంది. ఇప్పటికే లోపలికి వెళ్లిన విషాన్ని అది ఏమీ చేయలేదు. కానీ చక్రం తిరిగి రెండోసారి, మూడోసారి వచ్చే విషాన్ని లోపలికి పోనివ్వదు. తిన్న చాలా గంటల తర్వాత మొదలుపెట్టినా కొంత ఉపయోగం ఉండొచ్చని భావించడానికి కారణం ఇదే.

రెండో దారి గ్లూటాథయోన్. లివర్ కణం తనలో పుట్టే ఘాటైన ఆక్సిజన్ అణువులను అణచడానికి వాడుకునే పదార్థం అది. ఎలుకల్లో, గాజు గిన్నెల్లో పెంచిన కణాల్లో సిలిబిన్ ఇచ్చినప్పుడు గ్లూటాథయోన్ నిల్వలు తరిగిపోకుండా ఉన్నాయి, కణపు పొర కొవ్వు పాడవడం తగ్గింది.

మూడోది ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్ 1ని ఉత్తేజపరచడం. దీనివల్ల రైబోజోములు ఎక్కువగా తయారై, దెబ్బతిన్న కణం త్వరగా కోలుకుంటుందంటారు. నెట్‌లో చాలామంది ఇక్కడే తడబడతారు. అమానిటిన్ దెబ్బకొట్టేది 2వ నంబరు ఎంజైమును, సిలిబిన్ ఉత్తేజపరిచేది 1వ నంబరును. కాబట్టి ఇది విషానికి నేరుగా విరుగుడు కాదు.

నాలుగోది మంటను, మచ్చను తగ్గించడం. కణంలో మంటను రాజేసే ఎన్ఎఫ్-కప్పా-బీ అనే సంకేతాన్ని సిలిబిన్ అణచివేస్తుంది. లివర్‌లో మచ్చ కణజాలం తయారుచేసే స్టెల్లేట్ కణాలు చురుగ్గా మారకుండా చూస్తుంది. ఫ్యాటీ లివర్‌కి ఈ మందు రాసేవాళ్లు మనసులో పెట్టుకునేది రెండో దారినీ ఈ నాలుగో దారినీ.

ఇక్కడే అసలు చిక్కు: మోతాదు

పై ఫలితాల్లో చాలావరకు గిన్నెలోని కణాల మీద 50 నుంచి 200 మైక్రోమోలార్ గాఢతలో సిలిబిన్ పోసి చూసినవి. మామూలు లెక్కలో 100 మైక్రోమోలార్ అంటే మిల్లీలీటరుకి సుమారు 48 మైక్రోగ్రాములు. బిళ్ళ మింగితే రక్తంలో మార్పు చెందకుండా తిరిగే సిలిబిన్ సాధారణంగా 1 మైక్రోమోలార్ కూడా దాటదు. తేడా పదుల రెట్ల నుంచి వంద రెట్ల పైదాకా ఉంటుంది.

కారణాలు రెండు. ఒకటి, సిలిబిన్ నీళ్లలో సరిగ్గా కరగదు, పేగు దాటేది కొంచెమే. రెండు, దాటిన కొంచెమూ పేగు గోడలో, లివర్‌లో వెంటనే గ్లూకురోనైడ్, సల్ఫేట్ జత కలిసి రూపం మార్చుకుంటుంది. రూపం మారిన ఆ పదార్థం ఎక్కువగా పిత్తంలోకి పోతుంది, మూత్రంలో కనిపించేది స్వల్పం. కొన్ని గంటల్లోనే రక్తంలో మోతాదు సగానికి పడిపోతుంది. అందుకే పాత జర్మన్ మందుల దగ్గర్నుంచీ 140 మి.గ్రా. రోజుకి మూడుసార్లు అన్న పద్ధతి వచ్చింది.

ఒక న్యాయమైన వాదన అవతలి వైపు కూడా ఉంది. పేగు నుంచి వచ్చే రక్తం ముందు లివర్‌కే చేరుతుంది కాబట్టి చేతి నరంలో కొలిచిన దానికంటే లివర్‌లో ఎక్కువ ఉండొచ్చు. పిత్తంలో రక్తం కంటే ఎన్నో రెట్లు ఎక్కువ ఉంటుంది కూడా. కానీ అందులో ఎక్కువ భాగం రూపం మారిపోయిందే. దానికి కణాన్ని కాపాడే శక్తి అంతే ఉంటుందని చెప్పలేం.

ఇప్పుడు దీన్ని పుట్టగొడుగు విషం కేసుతో పోల్చి చూడండి. అక్కడ బిళ్ళ ఇవ్వరు. సిలిబిన్‌ను సక్సినేట్‌తో కలిపి నీళ్లలో కరిగే రూపంలోకి మార్చి నరంలోకి ఎక్కిస్తారు. మోతాదు రోజుకి కిలో బరువుకి 20 మి.గ్రా. 65 కిలోల మనిషికి 1,300 మి.గ్రా. దాన్ని నాలుగు భాగాలు చేసి, ఒక్కో 325 మి.గ్రా.ను 2 గంటలపాటు ఎక్కిస్తారు, మధ్యలో 4 గంటల విరామం. ఒక్కో సీసాలో 350 మి.గ్రా. సిలిబిన్‌కి సమానమైన మందు ఉంటుంది కాబట్టి రోజుకి దాదాపు నాలుగు సీసాలు. దానితోపాటు సెలైన్, నోటి ద్వారా బొగ్గుపొడి, అవసరమైతే లివర్ మార్పిడి ఏర్పాట్లు ఉంటాయి. అలాంటి వైద్యం గురించిన వార్త చదివి బిళ్ళల మీద నమ్మకం పెంచుకోవడం తగదు. ఆ వైద్యానికి కూడా చీటీలు తీసి రోగులను రెండు గుంపులు చేసి పోల్చిన పరీక్ష లేదు. ప్రాణాపాయంలో ఉన్నవాళ్లకి ఉత్తుత్తి మందు ఇవ్వడం కుదరదు కాబట్టి, ఆధారమంతా జంతు ప్రయోగాలు, రోగుల రికార్డుల మీద ఆధారపడింది.

మోతాదు, ఇచ్చే దారి ఎంత తేడా తెస్తాయో హెపటైటిస్ సి కథలో ఇంకా బాగా కనిపిస్తుంది. 2008లో వియన్నా వైద్యుడు పీటర్ ఫెరెన్సీ బృందం, అప్పటి వైరస్ మందు ఇంటర్‌ఫెరాన్‌కి లొంగని రోగులకి ఇదే నరం మందును ఇచ్చి చూసింది. కిలోకి 20 మి.గ్రా. మోతాదులో వారం రోజులకి రక్తంలో వైరస్ సగటున వెయ్యో వంతుకి పడిపోయింది. మోతాదు తగ్గించినప్పుడు ప్రభావమూ ఆ మేరకు తగ్గింది. మరి బిళ్ళ సంగతి? 2012లో అమెరికాలో 154 మంది హెపటైటిస్ సి రోగులను మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకి 420 మి.గ్రా., ఇంకొక గుంపుకి 700 మి.గ్రా., మూడో గుంపుకి ఉత్తుత్తి మందు, అందరికీ రోజుకి మూడుసార్లు, 24 వారాలు. అంటే మీకు రాసిన రోజు మోతాదు 280 అయితే, అక్కడ 1,260, 2,100 మి.గ్రా. చివరికి, లివర్ కణాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎస్‌జీపీటీ అనుకున్న మేర తగ్గినవాళ్లు మూడు గుంపుల్లోనూ సమానం. ఒక్కో గుంపులో ఇద్దరేసి. వైరస్‌లోనూ తేడా లేదు. ఇది గట్టిగా నిర్వహించిన పరీక్ష, అందుకే దీనికి నేను ఎక్కువ విలువ ఇస్తాను. ఇప్పుడు హెపటైటిస్ సికి నేరుగా వైరస్‌ను చంపే బిళ్ళలు వచ్చాయి కాబట్టి ఆ జబ్బుకి సిలిమారిన్ ప్రశ్నే రాదు.

ఈ పరీక్షలో ఇంకో విషయం గమనించండి. ఉత్తుత్తి మందు వాడిన గుంపులో కూడా సగటు ఎస్‌జీపీటీ కాస్త తగ్గింది. ఈ అంకె ఎప్పుడూ ఒకచోట నిలవదు. ఎక్కువగా ఉన్న రోజున పరీక్ష చేయించుకుని మందు మొదలుపెడితే, తర్వాతిసారి ఎలాగూ కొంత తగ్గే అవకాశమే ఎక్కువ. "బిళ్ళ వేసుకున్నాక 90 నుంచి 65కి వచ్చింది" అన్న అనుభవాలు ఇంత ఎక్కువగా వినిపించడానికి అదొక కారణం.

ఫ్యాటీ లివర్‌లో ఏం తేలింది

మీ జబ్బుకి దగ్గరగా ఉన్న పరీక్షలు ముఖ్యంగా రెండు.

మొదటిది మలేసియాలో జరిగి 2017లో వెలువడింది. లివర్ ముక్క తీసి పరీక్షించి, కొవ్వుతోపాటు మంట కూడా ఉందని తేలిన 99 మందిని తీసుకున్నారు. 49 మందికి సిలిమారిన్ 700 మి.గ్రా. రోజుకి మూడుసార్లు, 50 మందికి ఉత్తుత్తి మందు, 48 వారాలు. తర్వాత మళ్లీ లివర్ ముక్క తీసి చూశారు. ముందే పెట్టుకున్న ప్రధాన లక్ష్యం, జబ్బు తీవ్రత స్కోరు కనీసం 30 శాతం తగ్గడం. సిలిమారిన్ వాడినవాళ్లలో 32.7 శాతం మంది, మరో గుంపులో 26 శాతం మంది ఆ లక్ష్యాన్ని చేరారు. ఈ తేడా యాదృచ్ఛికంగా కూడా రావచ్చు. అంటే ప్రధాన లక్ష్యం నెరవేరలేదు.

కానీ అదే పరీక్షలో మచ్చ, అంటే ఫైబ్రోసిస్, ఒక మెట్టు అయినా తగ్గినవాళ్లు సిలిమారిన్ గుంపులో 22.4 శాతం, మరో గుంపులో 6 శాతం. మందుల కంపెనీలు చూపించే అంకె ఇదే. ఇది ఆసక్తి కలిగించేదే, నేను కొట్టిపారేయను. అయితే మనుషుల్లో లెక్కేస్తే 11 మంది, 3 మంది. పైగా ఇది ప్రధాన లక్ష్యం కాదు, పక్కన లెక్కించిన వాటిలో ఒకటి. చాలా అంకెలు లెక్కిస్తే ఏదో ఒకటి అనుకూలంగా రావడం మామూలే. సూదితో తీసే ముక్క లివర్ మొత్తంలో చాలా చిన్న భాగం కాబట్టి, మచ్చ ఒక చోట ఎక్కువ, ఇంకొక చోట తక్కువ ఉన్నా అంకె మారిపోతుంది. దీన్ని నిర్ధారించాలంటే పెద్ద పరీక్ష జరగాలి.

రెండోది అమెరికాలో, 2019లో వెలువడింది. 78 మంది, 420 లేదా 700 మి.గ్రా. రోజుకి మూడుసార్లు, ఇక్కడా 48 వారాలు. లివర్ ముక్క స్కోరులో ఉత్తుత్తి మందుకీ సిలిమారిన్‌కీ తేడా తేలలేదు. చేర్చుకున్నవాళ్లలో చాలామందికి ముక్క తిరిగి చూసినప్పుడు కావలసినంత జబ్బు లేదని తేలింది. అందువల్ల "పనిచేయదు" అని తేల్చే బలం కూడా ఈ పరీక్షకి లేదు. కాకపోతే ఇంత పెద్ద మోతాదులో కూడా హాని పెద్దగా కనిపించలేదన్నది ఇక్కడ తెలిసిన ఉపయోగకరమైన విషయం.

రెండు పరీక్షల్లోనూ వాడింది మీకు రాసిన దానికి ఎన్నో రెట్లు. రోజుకి 280 మి.గ్రా. ఫ్యాటీ లివర్ మచ్చని తగ్గిస్తుందని చెప్పడానికి ఈ రెండింటిలో దేన్నీ ఆధారంగా చూపలేం. అలాగని బిళ్ళల సంఖ్య మీరే పెంచుకోకండి, పెంచినా తేలిన లాభం లేదు.

సిర్రోసిస్ వాళ్ల గురించి రెండు మాటలు

సిర్రోసిస్ అంటే మచ్చలతో లివర్ గట్టిపడిపోవడం. మీకు సంబంధం లేకపోయినా, ఈ మందు పేరు నిలబడింది ఇక్కడే. 1989లో ఫెరెన్సీ బృందమే 170 మంది సిర్రోసిస్ రోగుల్లో 140 మి.గ్రా. మూడుసార్లు ఇచ్చి, నాలుగేళ్ల తర్వాత బతికున్నవాళ్లు 58 శాతం, ఇవ్వనివాళ్లలో 39 శాతం అని చూపించింది. లాభం ఎక్కువగా మద్యం వల్ల సిర్రోసిస్ వచ్చినవాళ్లలో కనిపించింది. దాంతో ఆశలు పెరిగాయి. 1998లో స్పెయిన్‌లో 200 మంది మద్యం సిర్రోసిస్ రోగుల్లో రోజుకి 450 మి.గ్రా. రెండేళ్లు ఇచ్చి చూస్తే బతుకులో తేడా ఏమీ లేదు. ఇలాంటి జబ్బులో మద్యం మానడమే అన్నిటికంటే పెద్ద ప్రభావం చూపుతుంది. రెండు గుంపుల్లో తాగుడు మానినవాళ్లు కొంచెం అటూ ఇటూ అయినా ఫలితం తారుమారవుతుంది. 2007లో, వైద్య పరీక్షల ఫలితాలను కలిపి విశ్లేషించే కొక్రేన్ సంస్థ 18 పరీక్షలను, 1,088 మంది రోగులను కలిపి చూసి, నాణ్యమైన పరీక్షల్లో మరణాలు తగ్గినట్టు ఆధారం లేదని తేల్చింది.

టీబీ మందులతో వాడేవాళ్లకి హెచ్చరిక

మన దగ్గర టీబీ మందులతో లివర్ దెబ్బతినకుండా ఉండాలని సిలిమారిన్ కలిపి ఇవ్వడం మామూలే. థాయ్‌లాండ్‌లో 55 మందితో చేసిన చిన్న పరీక్షలో లాభం కనిపించింది. చైనాలో 568 మందితో చేసిన పెద్ద పరీక్షలో కనిపించలేదు. అంతకంటే పెద్ద సమస్య, "లివర్ మందు వేసుకుంటున్నాను కదా" అని పరీక్షలు వాయిదా వేయడం. వికారం, ఆకలి లేకపోవడం, ముదురు రంగు మూత్రం వంటి లక్షణాలతో ఎస్‌జీపీటీ మామూలు గరిష్ఠానికి 3 రెట్లు దాటినా, లక్షణాలు లేకుండానే 5 రెట్లు దాటినా, లివర్‌ని దెబ్బతీసే టీబీ మందులను డాక్టరు ఆపి, తగ్గాక ఒక్కొక్కటిగా తిరిగి మొదలుపెట్టాలి. ల్యాబ్ గరిష్ఠం 40 అయితే ఆ అంకెలు 120, 200. ఆ నిర్ణయం సిలిమారిన్ వేసుకున్నా మారదు.

ప్యాకెట్ మీద ఏం చూడాలి

సిలిమారిన్ 140 మి.గ్రా. అని రాసినదీ, మిల్క్ థిసిల్ 175 మి.గ్రా. అని రాసినదీ ఒకటే కావచ్చు, కాకపోవచ్చు. సారంలో 80 శాతం సిలిమారిన్ ఉంటే 175కి 140 వస్తుంది. శాతం రాయకుండా గింజల పొడి 500 మి.గ్రా. అని మాత్రమే ఉంటే అందులో సిలిమారిన్ చాలా తక్కువ ఉంటుంది. కొలిచే పద్ధతిని బట్టి కూడా అంకె మారుతుంది. రంగు ఆధారంగా కొలిస్తే 140 వచ్చిన సారమే, పదార్థాలను విడదీసి కొలిస్తే 108 దాకా చూపించవచ్చు. ఫాస్ఫోలిపిడ్‌తో కలిపిన రకాలు రక్తంలోకి ఎక్కువ చేరతాయి, అది నిజమే. రక్తంలోకి ఎక్కువ చేరితే జబ్బు ఎక్కువ తగ్గుతుందని మాత్రం పెద్ద పరీక్షల్లో తేలలేదు.

ఆన్‌లైన్‌లో దొరికే పొడులు, క్యాప్సూళ్లలో బూజు విషాలు కనిపించిన సందర్భాలు ఉన్నాయి. ఐరోపాలో పరీక్షించిన మిల్క్ థిసిల్ సప్లిమెంట్లలో ఫ్యుసేరియం, ఆల్టర్నేరియా బూజుల విషాలు గుర్తించారు. ఇంకా పది మూలికలు కలిపిన "లివర్ డీటాక్స్" రకాల జోలికి అసలు పోకండి. అందులో ఏది దెబ్బతీసిందో తర్వాత ఎవరూ చెప్పలేరు. తిప్పతీగ వాడినవాళ్లలో లివర్ దెబ్బతిన్న కేసులు 2021లో ముంబై వైద్యులు ప్రచురించారు. మూలిక కాబట్టి లివర్‌కి మంచిదే అనుకోవడానికి లేదు.

సిలిమారిన్ విడిగా వాడితే ఇబ్బందులు స్వల్పమే. కొందరికి విరేచనం పల్చబడుతుంది, కడుపు ఉబ్బరం వస్తుంది. ఇది చామంతి కుటుంబపు మొక్క. వయ్యారిభామ కూడా అదే కుటుంబం. వయ్యారిభామ తగిలితే ఒళ్లు దద్దుర్లు, తుమ్ములు వచ్చేవాళ్లు ఈ సంగతి డాక్టరుకి చెప్పి మొదలుపెట్టాలి. రక్తం గడ్డకట్టకుండా చూసే వార్ఫరిన్ వాడేవాళ్లయితే, ఆ మందును విరిచే ఎంజైము మీద సిలిమారిన్ ప్రభావం ఉండొచ్చు కాబట్టి, మొదలుపెట్టాక రక్తం గడ్డకట్టే తీరు చెప్పే ఐఎన్ఆర్ పరీక్ష తొందరగా ఒకసారి చూడాలి.

ఇప్పుడు మీ అంకెలు

మీ అల్ట్రాసౌండ్‌లో ఉన్న గ్రేడ్ 2, కొవ్వు ఎంత ఉందో మాత్రమే చెబుతుంది. భవిష్యత్తును నిర్ణయించేది మచ్చ. దాన్ని మీ దగ్గరున్న అంకెలతోనే ఒక మెట్టు అంచనా వేయవచ్చు. ఫిబ్-4 లెక్క ఇది: వయసును ఎస్‌జీఓటీతో గుణించాలి. దాన్ని, ప్లేట్‌లెట్లను (వేలల్లో) ఎస్‌జీపీటీ వర్గమూలంతో గుణించి వచ్చిన దానితో భాగించాలి.

47 × 54 = 2,538. ఎస్‌జీపీటీ 82 వర్గమూలం సుమారు 9.06. దాన్ని 190తో గుణిస్తే సుమారు 1,720. 2,538 ÷ 1,720 అంటే దాదాపు 1.48.

1.3 కంటే తక్కువైతే ముదిరిన మచ్చ ఉండే అవకాశం తక్కువ. 2.67 దాటితే ఎక్కువ. మీరు మధ్యలో ఉన్నారు. అందుకే మీకు సిలిమారిన్ కంటే ముందు అవసరమైనది లివర్ గట్టిదనం కొలిచే ఫైబ్రోస్కాన్ పరీక్ష. మూడు గంటలు ఏమీ తినకుండా వెళ్లాలి, పది నిమిషాల పని. గట్టిదనం 8 కిలోపాస్కల్ లోపు ఉంటే ప్రస్తుతానికి పెద్ద ఆందోళన లేదు. అంతకు మించితే లివర్ నిపుణుణ్ణి కలవాలి. మచ్చ మధ్యస్థంగా, ఎక్కువగా ఉండి సిర్రోసిస్ రానివాళ్లకి అమెరికాలో 2024లో రెస్మెటిరోమ్, 2025లో సెమాగ్లూటైడ్ అనుమతి పొందాయి. మీకు అవి అవసరమా అన్నది ఆ పరీక్ష తర్వాతి మాట. హెపటైటిస్ బి, సి పరీక్షలు, హెచ్‌బీఏ1సీ, థైరాయిడ్ ఇప్పటిదాకా చేయకపోతే అదే సమయంలో చేయించండి. ఎస్‌జీపీటీ పెరగడానికి ఫ్యాటీ లివరే కారణమని ముందే అనుకుంటే హెపటైటిస్ బి తప్పించుకుపోతుంది.

చికిత్సలో బరువు సంగతి. క్యూబాలో 293 మందిని ఏడాదిపాటు ఆహారం, వ్యాయామంతో నడిపించి, ముందూ తర్వాతా లివర్ ముక్కలు తీసి చూశారు. బరువులో 10 శాతం పైగా తగ్గినవాళ్లలో 90 శాతం మందికి లివర్ మంట పోయింది, 45 శాతం మందికి మచ్చ తగ్గింది. పోల్చడానికి వేరే గుంపు లేదు, అంత తగ్గగలిగినవాళ్లు కూడా కొద్దిమందే. అయినా ఎంత తగ్గితే అంత లాభం అన్న వరుస స్పష్టంగా ఉంది. సిలిమారిన్ పరీక్షల్లో అలాంటి వరుస కనిపించదు. మీ 84 కిలోలకి 5 శాతం అంటే 4.2 కిలోలు, 7 శాతం అంటే 5.9, 10 శాతం అంటే 8.4. ఆరు నెలల్లో 6 కిలోలు మీకు సరైన మొదటి లక్ష్యం. నెలకి కిలో. రాత్రి అన్నం సగానికి తగ్గించి, ఆ జాగాలో పప్పు, కూర పెంచి, టీలో చక్కెర, కూల్‌డ్రింకులు మానేస్తే చాలామందికి మొదటి రెండు మూడు కిలోలు అక్కడే పోతాయి.

బిళ్ళ విషయానికి వస్తే, డాక్టరు రాసినది మానెయ్యమని నేను చెప్పను. అడగమని చెబుతాను: "దీన్ని ఏ అంకె చూసి కొనసాగిద్దాం, ఏ అంకె చూసి ఆపుదాం?" నా సలహా 3 నెలలు. మొదలుపెట్టే ముందు బరువు, ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ రాసుకోండి. 3 నెలలకి అవే మళ్లీ చూడండి. బరువు తగ్గి ఎస్‌జీపీటీ తగ్గితే ఆ ఘనత బరువుదే అనుకోండి, డాక్టరుతో మాట్లాడి బిళ్ళ ఆపి, ఇంకో 3 నెలలకి మళ్లీ చూడండి. బరువు కదలకుండా ఎస్‌జీపీటీ 80 దగ్గరే ఉంటే బిళ్ళ పనిచేయలేదన్నట్టే, ఇంకా కొనసాగించడానికి కారణం లేదు. రక్తపరీక్షకి ముందు రెండు రోజులు జిమ్‌లో బరువులు ఎత్తకండి, కండరాల నుంచి కూడా ఎస్‌జీఓటీ, కొంత ఎస్‌జీపీటీ వస్తాయి.

ఈలోగా కళ్లు పచ్చబడినా, మూత్రం టీ డికాషన్ రంగులోకి మారినా, కడుపు నీరుపట్టి ఉబ్బినా, కాళ్లు వాచినా, మల విసర్జన నల్లగా తారులా వచ్చినా 3 నెలల గడువు కోసం ఆగకండి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. అప్పుడు చూడాల్సింది ఎస్‌జీపీటీ ఒక్కటే కాదు. బిలిరుబిన్, అల్బుమిన్, ఐఎన్ఆర్ మూడూ కలిపి చూడాలి. లివర్ బాగా చెడినప్పుడు చావడానికి కణాలే మిగలక ఎస్‌జీపీటీ మామూలుగా కనిపించే సందర్భాలూ ఉంటాయి.